ఖాతా మూసేయమంటే చాలదు, మళ్ళీ తెరవొద్దని రాయాలి

మా అక్క కొడుకు ఇంగ్లండులో చదువుకుని అక్కడే ఉద్యోగంలో చేరాడు. ఈమధ్య సెలవు మీద విశాఖ వచ్చినప్పుడు, అక్కడి ఒక బెట్టింగ్ కంపెనీకి పంపాల్సిన ఉత్తరం ఫోన్‌లో చూపించి, "పిన్నీ, బ్యాంకులో ఇలాంటివి బోలెడు చూసుంటావు కదా, ఒకసారి చదివి చెప్పు" అన్నాడు. తన ఖాతా శాశ్వతంగా మూసేయమనీ, తను మళ్ళీ వచ్చి అడిగినా ఆడనివ్వొద్దనీ కోరుతూ రాసిన ఉత్తరం అది. దీన్ని అక్కడ సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ అంటారు. అందులో ఒక వాక్యం మీద ఎంవీపీ కాలనీలోని మా అక్కావాళ్ళింట్లో పెద్ద వాదనే జరిగింది. ఆ వాదనలో నేను ఒక పక్షం తీసుకున్నాను, ఇప్పటికీ ఆ పక్షమే. అదెందుకో వివరంగా రాద్దామనిపించింది. వాడి అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను, వాడిదీ, కంపెనీదీ కూడా.

ఆ వాక్యం ఇది: "జూదం నా అదుపు తప్పింది, ఇది నాకు ఒక సమస్యగా మారింది."

బావగారు ఆ వాక్యం తీసేయమన్నారు. అక్క కూడా తీసేయమంది. ఉత్తరం రాసినవాడే చదివి వినిపించేటప్పుడు ఆ ఒక్క చోట గబగబా దాటేశాడు. నేను మాత్రం మిగతా ఉత్తరం మొత్తం కొట్టేసినా పర్లేదు గానీ ఆ వాక్యం ఉండాల్సిందే అన్నాను.

ఇంతకుముందు మూసిన ఖాతా మళ్ళీ ఎలా తెరుచుకుంది

ఖాతా మూయించడం వాడికి కొత్త కాదు. అంతకుముందు కూడా మూయించాడు. ఒక రాత్రి బాగా పోగొట్టుకున్నాక, కంపెనీ చాట్‌లోకి వెళ్ళి, "నేను ఈ ఖాతా ఇప్పుడు పెద్దగా వాడటం లేదు, దయచేసి మూసేయండి" అని రాశాడు. నిమిషాల్లో మూసేశారు. చాలా మర్యాదగా జవాబిచ్చారు కూడా, మీరు ఎప్పుడు తిరిగి రావాలనుకున్నా ఒక్క మెసేజ్ పెడితే చాలు అని. ఐపీఎల్ మొదలయ్యాక వాడు ఆ ఒక్క మెసేజ్ పెట్టాడు. అదే సాయంత్రం ఖాతా తెరుచుకుంది, పైగా ఒక ఫ్రీ బెట్ కూడా వచ్చింది.

బావగారికి ఇది వింటే ఒళ్ళు మండిపోయింది. "చూశావా, ఉత్తరాలూ గిత్తరాలూ పనిచేయవు" అన్నారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. కానీ కంపెనీ చేసిన పని అక్కడి నిబంధనల లెక్కలో ఎక్కడ పడుతుందో చూడాలి. "పెద్దగా వాడటం లేదు" అని అడిగినవాడి ఖాతా మూస్తే అది మామూలు మూసివేత. ఖాతాదారు తన ఇష్టం కొద్దీ వెళ్ళాడు, ఇష్టం కొద్దీ తిరిగొచ్చాడు. ఆపాల్సిన బాధ్యత కంపెనీ మీద స్పష్టంగా పడలేదు.

సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ అలా కాదు. బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న ప్రతి ఆన్‌లైన్ బెట్టింగ్ కంపెనీకీ గ్యాంబ్లింగ్ కమిషన్ పెట్టిన షరతులున్నాయి. కస్టమర్ నన్ను ఆపండి అని అడిగితే ఖాతా మూసేయాలి, అందులో ఉన్న డబ్బు తిరిగి ఇచ్చేయాలి, రెండు రోజుల్లోగా ప్రకటనలు పంపే జాబితాల నుంచి అతని పేరు తీసేయడానికి తగిన చర్యలు తీసుకోవాలి. కనీసం 6 నెలలు ఆపాలి, కావాలంటే 5 ఏళ్ళ దాకా పొడిగించుకునే వీలివ్వాలి. ఆ గడువులోపు మనిషి ఎంత బతిమాలినా తెరవకూడదు. గడువు అయిపోయాక కూడా ఖాతా తనంతట తాను తెరుచుకోదు. మళ్ళీ ఆడాలంటే ఫోన్ చేసో, స్వయంగా వెళ్ళో అడగాలి, ఆ తర్వాత ఒక రోజు ఆగాలి. అంటే మొదటి రకంలో తలుపు మీ చేతిలో ఉంటుంది, రెండో రకంలో కంపెనీ చేతిలో ఉంటుంది, తెరిస్తే తప్పు దానిదవుతుంది.

బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింట్లోనూ లాగిన్ అవదు. కస్టమర్ సర్వీసులో కూర్చున్న మనిషి మీ ఉత్తరాన్ని ఏ గూట్లో వెయ్యాలో నిర్ణయించుకునేది మీరు రాసిన కారణాన్ని బట్టే.

బ్యాంకులో నేనిది రోజూ చూశాను. "నాకు ఏటీఎం కార్డు అక్కర్లేదు" అని రాసిచ్చిన కాగితం ట్రేలోకి వెళ్తుంది, పని తీరినప్పుడు ఎవరో చూస్తారు. "కార్డు పోయింది, బ్లాక్ చేయండి" అని రాస్తే చేతిలో ఉన్న పని పక్కన పెట్టి అప్పటికప్పుడు బ్లాక్ చేస్తాం, టైమ్ రాసుకుంటాం, ఎందుకంటే ఆ నిమిషం తర్వాత డబ్బు పోతే ఆ బాధ్యత మాది. మొహమాటపడి, కార్డు పోయిందని చెప్పుకోలేక "అక్కర్లేదు" అని రాసినవాళ్ళను కూడా చూశాను. కౌంటర్ ఇవతల కూర్చున్న మనిషి మనసులు చదవడు, కాగితం చదువుతాడు. మా వాడి పాత మెసేజ్‌లో కార్డు పోయిన సంగతే లేదు.

చినవాల్తేరు భయం

అక్క అభ్యంతరం వేరు. ఆవిడకు నిబంధనలతో పని లేదు. "అలా రాసిస్తే రికార్డులో ఉండిపోతుంది కదే. వీడికేదో జబ్బు అన్నట్టు ఉంటుంది" అంది. విశాఖలో పుట్టి పెరిగినవాళ్ళకు ఆ మాట వెనక ఏముందో చెప్పక్కర్లేదు. చినవాల్తేరులో మానసిక చికిత్సాలయం ఉంది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి, ఎన్నో కుటుంబాలకు ఆధారం. కానీ మా చిన్నప్పటి నుంచీ ఆ పేటపేరు తిట్టు కిందే వాడుతున్నాం. ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "వాల్తేరు తీసుకెళ్ళాలి" అనడం మనకు అలవాటు. అక్క నోట ఆ మాట రాలేదు గానీ ఆవిడ భయమంతా అదే.

దాన్ని నేను కొట్టిపారెయ్యను. పెళ్ళి కావాల్సిన కుర్రాడు. ఊళ్ళో మాటలు ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతాయో తెలుసు. అయితే ఈ ఉత్తరం ఊళ్ళోకి రాదు. అది వాడికీ కంపెనీకీ మధ్య ఉంటుంది. జూదం వ్యసనంగా మారడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది, బీపీ, షుగర్ ఉన్న జాబితాలోనే. మా అక్క షుగర్ గురించి పక్కింటావిడతో గంటలు గంటలు మాట్లాడుతుంది. ఈ మాట అంటే ఆవిడ లోపలికెళ్ళిపోయింది, కాసేపు బయటికి రాలేదు. అలా అనకుండా ఉండాల్సిందేమో, తెలీదు. కానీ మాట మాత్రం నిజం.

బావగారి టెన్షన్ ఇంకోలా ఉంది. రేపు ఇల్లు కొనుక్కోవడానికి లోన్ తీసుకుంటే ఇది బయటపడదా? ఇది సరైన ప్రశ్న. సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ జాబితా క్రెడిట్ స్కోరు చూసే సంస్థలకు వెళ్ళదు, అందులో చేరితే స్కోరు తగ్గదు. లోన్ ఇచ్చేవాళ్ళకు కనిపించేది బ్యాంక్ స్టేట్‌మెంట్. అందులో ఆ కంపెనీ పేరు అర్ధరాత్రి ఒంటిగంటకు, ఒంటిగంటన్నరకు, రెండింటికి వరసగా పడి ఉంటుంది. అది ఇప్పటికే రాసి ఉంది, ఎవరూ చెరపలేరు. లోన్ ఆఫీసరుగా కూర్చున్న రోజుల్ని తలుచుకుని చెప్తున్నాను, ఒక తేదీ తర్వాత ఆ పేరు మళ్ళీ ఎక్కడా కనిపించకపోవడం కంటే మంచి సంకేతం స్టేట్‌మెంట్‌లో ఇంకేముంటుంది? ఆ తేదీని ఇచ్చేది ఈ ఉత్తరమే.

పేరు తుడిచేయమని అడగకూడదు

వాక్యం సంగతి కాస్త సర్దుకున్నాక బావగారు ఇంకో సలహా ఇచ్చారు. "అయితే వాడి వివరాలన్నీ పూర్తిగా డిలీట్ చేసేయమని రాయండి. యూరప్‌లో అలా అడిగే హక్కు ఉంటుందట కదా." నిజమే, బ్రిటన్‌లో కూడా వ్యక్తిగత సమాచారం తొలగించమని అడిగే హక్కు ఉంది. వినగానే బాగుంటుంది, చెత్త వదిలిపోయినట్టు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కంపెనీ మీ పేరు, పుట్టినతేదీ, ఈమెయిల్, చిరునామా అన్నీ తుడిచేస్తే, మూడు నెలల తర్వాత మీరు కొత్త ఈమెయిల్‌తో కొత్త ఖాతా తెరిచినప్పుడు మిమ్మల్ని గుర్తుపట్టేది దేంతో? మిమ్మల్ని ఆపాలంటే మీరెవరో వాళ్ళకు తెలియాలి. అందుకే అక్కడి కంపెనీలు సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ చేసుకున్నవాళ్ళ వివరాలు ఉంచుకోవాల్సి ఉంటుంది. డిలీట్ చేయమని, మళ్ళీ రానివ్వొద్దని ఒకే ఉత్తరంలో అడిగితే రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డం. చదివేవాడు ఏది సులభమో అది చేస్తాడు.

కాబట్టి అడగాల్సింది వేరు. ప్రకటనలకు నా వివరాలు వాడొద్దు, నన్ను ఆపడానికి మాత్రం ఉంచుకోండి. మా ఇంట్లో అందరికీ మింగుడుపడని విషయం ఇదే అనుకుంటా. పరువు కోసం మనం ఏదైనా మరుగున పడిపోవాలనుకుంటాం. ఈ పని జరగాలంటే ఎక్కడో ఒక చోట, ఒక కంపెనీ కంప్యూటర్లో, ఫలానా మనిషి తనని ఆపమని అడిగాడు అని చాలా ఏళ్ళు రాసి ఉండాలి. దాచుకోవాలనే కోరికా, బయటపడాలనే కోరికా ఇక్కడ కలిసి నడవవు.

ఇంటిపేరు ముందా, వెనకా

ఇది మనవాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు. మా వాడి సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంగా. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, చివరి పేరు కింద. అసలు పేరు రెండు ముక్కలు, అందులో రెండోదే అందరూ పిలిచేది. బెట్టింగ్ ఖాతాలో మొదటి ముక్క, ఇంటిపేరు మాత్రమే ఉన్నాయి. అదే గ్రూపులోని ఇంకో సైటులో రెండో ముక్కతో ఇంకో ఖాతా ఉంది. మోసం చేయాలని కాదు, ఫారం ఎలా అడిగితే అలా నింపాడు. పైగా చదువుకునే రోజుల్లో ఒక ఊరు, ఉద్యోగం వచ్చాక ఇంకో ఊరు, కాబట్టి పిన్‌కోడ్‌లు వేరు. ఒక ఖాతాకు కాలేజీ ఈమెయిల్, ఇంకోదానికి సొంతది.

అక్కడ గామ్‌స్టాప్ అని ఒక ఉమ్మడి పథకం ఉంది. బ్రిటన్‌లో ఉండేవాళ్ళు అందులో ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే, అక్కడి లైసెన్సుతో నడిచే ఆన్‌లైన్ కంపెనీలన్నీ ఆపాలి. 2020 మార్చి 31 నుంచి ఆ కంపెనీలన్నీ అందులో చేరడం తప్పనిసరి. నమోదు చేసుకున్న 24 గంటల్లోగా అమల్లోకి వస్తుంది. గడువు 6 నెలలు, ఏడాది, 5 ఏళ్ళు. మా వాడు ఉత్తరం రాయకముందే 5 ఏళ్ళకు నమోదు చేసుకున్నాడు, అది మంచి పని చేశాడు. కానీ ఆ పథకం మనిషిని గుర్తుపట్టేది పేరు, పుట్టినతేదీ, ఈమెయిల్, ఫోన్, పోస్ట్‌కోడ్‌లతో. ఇప్పుడు వాడుతున్న ఒక్క ఈమెయిల్, ఒక్క చిరునామా ఇచ్చి ఊరుకుంటే పాత వివరాలతో ఉన్న ఖాతా జల్లెడలోంచి జారిపోవచ్చు. పాతవన్నీ చేర్చుకునే వీలుంది, చాలామంది చేర్చరు.

అందుకే ఆ మధ్యాహ్నం మేమిద్దరం చేసిన అసలు పని ఉత్తరం రాయడం కాదు. డైనింగ్ టేబుల్ మీద పాస్‌పోర్టు పెట్టుకుని, వాడి ఈమెయిల్ పెట్టెల్లో పాత స్వాగత సందేశాలు వెతికి, ఏ ఖాతా ఏ పేరుతో, ఏ నంబరుతో, ఏ చిరునామాతో తెరిచాడో ఒక కాగితం మీద రాయడం. మధ్యలో వాడు కొన్నిసార్లు ఆగిపోయాడు. ఏ ఖాతా తెరిచిన రోజున ఏం జరిగిందో గుర్తొచ్చి ఉంటుంది. నేను అడగలేదు.

చివరికి పంపిన ఉత్తరం

అసలు కంపెనీ సైటులోనే ఒక మీట ఉంటుంది, లాగిన్ అయి అక్కడ నొక్కితే వెంటనే సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ మొదలవుతుంది. అలాంటి దారి తప్పనిసరిగా పెట్టాలి కూడా. కానీ విశాఖ నుంచి ఆ సైటు తెరుచుకోలేదు, వాళ్ళు మన దేశం నుంచి వచ్చేవాళ్ళను అనుమతించరు. తిరిగి వెళ్ళాక నొక్కుతానన్నాడు వాడు. వద్దన్నాను. విమానం దిగిన రాత్రి ఒంటరిగా గదిలో కూర్చుని లాగిన్ అయ్యాక ఏ మీట నొక్కుతాడో వాడికీ తెలీదు, నాకూ తెలీదు. ఆ సైటు తెరుచుకోని ఊళ్ళో ఉండగానే ఉత్తరం వెళ్ళిపోవాలి. జవాబు ఆలస్యమైనా ఇక్కడుండగా ఆ ఖాతాలో ఆడలేడు.

ఇంగ్లీషులో పంపిన ఉత్తరం తెలుగులో ఇలా ఉంటుంది:

"విషయం: శాశ్వత సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్, ఖాతా మూసివేత.

జూదం నా అదుపు తప్పింది, ఇది నాకు ఒక సమస్యగా మారింది. అందుకే ఈ ఉత్తరాన్ని మామూలు ఖాతా మూసివేతగా కాక సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ అభ్యర్థనగా తీసుకోవాలని కోరుతున్నాను.

నన్ను మీ కంపెనీలోనూ, మీ గ్రూపులోని మిగతా అన్ని సైట్లలోనూ శాశ్వతంగా ఆపండి. శాశ్వతంగా వీలు కాకపోతే మీరు ఇవ్వగలిగిన అత్యధిక గడువుకు ఆపి, ఆ తర్వాత కూడా ఖాతా తెరవకుండా గుర్తు పెట్టండి. ఇకపై నేను చాట్‌లో గానీ ఫోన్‌లో గానీ మెయిల్‌లో గానీ తెరవమని అడిగితే ఈ ఉత్తరం చూపించి నిరాకరించండి.

ఖాతాలో మిగిలిన డబ్బు నేను జమ చేసిన బ్యాంకు ఖాతాకే పంపండి. ఫలితం తేలని పందేలు ఉంటే వాటిని ఏం చేస్తారో రాతపూర్వకంగా చెప్పండి.

నా అన్ని ఈమెయిళ్ళకు, ఫోన్లకు ప్రకటనలు ఆపండి. నా వివరాలు నన్ను ఆపడానికి మాత్రం ఉంచుకోండి.

ఖాతా తెరిచిన నాటి నుంచి నేటి వరకు జమలు, పందేలు, విత్‌డ్రాల పూర్తి స్టేట్‌మెంట్ పంపండి.

ఏ తేదీ నుంచి, ఎంత గడువుకు, ఏయే సైట్లలో నన్ను ఆపారో రాసి పంపండి."

దాని కింద పేరు రకరకాలుగా, పుట్టినతేదీ, పాతవీ కొత్తవీ చిరునామాలు, ఈమెయిళ్ళు, ఫోన్ నంబర్లు, యూజర్ నేమ్‌లు. అంతే.

స్టేట్‌మెంట్ ఎందుకని వాడే అడిగాడు, ఆ అంకెలు చూడాలని వాడికి లేదు. ఖాతా మూశాక లాగిన్ ఉండదు, లెక్క చూసుకోవాలన్నా, ఎప్పుడైనా ఫిర్యాదు చేయాలన్నా ఆధారం దొరకదు. తన సమాచారం తనకివ్వమని అక్కడి డేటా రక్షణ చట్టం కింద అడిగితే మామూలుగా నెలలోగా ఇవ్వాలి. ఇప్పుడే చూడక్కర్లేదు, తెప్పించి పెట్టుకోమన్నాను.

మొదటి ప్రతిలో ఉండి మేం తీసేసినవి కూడా చెప్పాలి. ఎంత పోగొట్టుకున్నాడో, అమ్మానాన్నలు ఎంత బాధపడుతున్నారో, మీ ఫ్రీ బెట్ వల్లే ఇలా అయ్యానని, నా డబ్బు తిరిగివ్వమని ఒక పేజీ ఉంది. అందులో ఒక్క అబద్ధం లేదు. కానీ డబ్బు తిరిగివ్వమన్న మాట కనపడగానే ఆ ఉత్తరం ఫిర్యాదుల విభాగానికి వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. ఫిర్యాదుకు జవాబివ్వడానికి కంపెనీకి 8 వారాల వ్యవధి ఉంటుంది. ఆపమన్న కోరిక ఆ వరసలో ఇరుక్కోకూడదు. ఫిర్యాదు చేయాలనుకుంటే విడిగా ఇంకో ఉత్తరం. కంపెనీ జవాబుతో తృప్తి లేకపోతే అక్కడ స్వతంత్రంగా తీర్పు చెప్పే సంస్థలున్నాయి, వాటికి వెళ్ళొచ్చు. ఈ ఉత్తరం పని ఒక్కటే.

శాశ్వతంగా అవసరమా?

బావగారికి ఇది కాస్త అతిగా అనిపించింది. జీవితాంతం ఎందుకు, ఏడాది చాలదా, వాడేమన్నా చిన్నపిల్లాడా అన్నారు. తండ్రికి కొడుకు మీద ఆ నమ్మకం ఉండటం మంచిదే. నిబంధనల్లో కూడా శాశ్వతం అనేది హక్కుగా లేదు, 5 ఏళ్ళ దాకానే. అంతకు మించి ఇవ్వడం కంపెనీ ఇష్టం, అందుకే ఉత్తరంలో రెండు మెట్లుగా అడిగించాను.

నా వాదన ఇది. గడువు ఉన్న నిషేధం గడువు ముగిసే రోజును ఒక ఎదురుచూపుగా మారుస్తుంది. ఏడాదికి ఆపుకున్నవాడు వచ్చే ఐపీఎల్ నాటికి బయటికొస్తాడు, అదీ సరిగ్గా అందరూ స్కోర్లు మాట్లాడుకునే రోజుల్లో. మన ఊళ్ళో పీఎం పాలెం స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజున ఏ టీ బడ్డీ దగ్గర నిలబడినా వినపడేది ఏమిటో తెలుసు కదా. శాశ్వతంగా అడిగితే లెక్కపెట్టుకోవడానికి తేదీ ఉండదు. పోనీ నిజంగా వాడు మారిపోయాడు, ఇక ఏ ప్రమాదమూ లేదు అనుకుందాం. అప్పుడు బెట్టింగ్ ఖాతా లేకపోవడం వల్ల వాడికి కలిగే నష్టమేమిటి? బావగారు దీనికి జవాబు చెప్పలేదు గానీ ఒప్పుకున్నట్టూ కనిపించలేదు.

ఆయన అన్న ఇంకో మాట మాత్రం నన్ను ఇప్పటికీ తొలుస్తుంది. "ఒక దుకాణం మూస్తే పక్కన వంద ఉన్నాయి." గామ్‌స్టాప్‌లో పేరున్నా అక్కడ వీధుల్లో ఉండే బెట్టింగ్ షాపులకు అది వర్తించదు, వాటికి విడిగా ఇంకో పథకం ఉంది, ఫోన్ చేసి, ఫోటో ఇచ్చి చేరాలి. బ్రిటన్ లైసెన్సు లేని విదేశీ సైట్లు ఇంకా ఘోరం, మా దగ్గర గామ్‌స్టాప్ లేదు అని ఆ మాటనే ప్రకటనగా వేసుకుంటాయి, ఆపుకున్నవాళ్ళ కోసమే గాలం వేసినట్టు. వాటికి అడ్డం పడేది బ్యాంకు వైపు నుంచి కొంత, ఫోన్‌లో పెట్టుకునే బ్లాకర్ కొంత. అక్కడి బ్యాంకులు చాలావాటిలో యాప్‌లోనే జూదం చెల్లింపులు ఆపుకునే వీలుంది, మళ్ళీ తీసేయాలంటే రెండు మూడు రోజులు ఆగాల్సి వస్తుంది. బెట్‌బ్లాకర్ అనే యాప్ ఉచితం, మన దేశంలో కూడా పనిచేస్తుంది. వాడు రెండూ పెట్టుకున్నాడు. అయినా పూర్తి అడ్డుగోడ అని నేను చెప్పలేను.

మరి మన దగ్గర?

ఈ సంగతి తెలిసిన ఒకావిడ, మా పాత సహోద్యోగి, తన కొడుకు కోసం ఇలాంటి ఉత్తరమే రాసిపెట్టమని అడిగింది. ఆ అబ్బాయి ఆడేది ఇక్కడే. వాట్సాప్‌లో ఒకడు ఐడీ ఇస్తాడు, యూపీఐలో డబ్బు వేస్తే పాయింట్లు వేస్తాడు. నేను రాయలేనని చెప్పాల్సి వచ్చింది. ఉత్తరం పనిచేయడానికి దాని వెనక లైసెన్సు ఉండాలి, లైసెన్సు పోతుందన్న భయం ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచే ఆన్‌లైన్ బెట్టింగ్ నిషేధం. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ చట్టంలో శిక్షలు ఆడించేవాళ్ళకు, ప్రకటనలు చేసేవాళ్ళకు, డబ్బు మళ్ళించేవాళ్ళకు. చట్టానికే భయపడనివాడు మీ ఉత్తరానికి విలువిస్తాడా? ఆ అబ్బాయి అప్పటికే ఐడీ తీసేయమని మెసేజ్ పెట్టాడట. జవాబుగా ఉచిత పాయింట్లు వచ్చాయి.

అలాంటివాడికి ఏం రాసినా, మీరు ఇంకా ఫోన్ దగ్గరే ఉన్నారని చెప్పినట్టే. కాబట్టి జవాబివ్వకుండా బ్లాక్ చేయడం, నంబరు మార్చడం, కొన్నాళ్ళు యూపీఐ ఉన్న ఖాతా ఇంట్లోవాళ్ళ చేతికివ్వడం. ఐడీలో మిగిలిన పాయింట్లను డబ్బు చేసుకుని మానేస్తానంటాడు కుర్రాడు, ఆ మాట నమ్మకూడదు. డబ్బు వచ్చినా ఎవరెవరి ఖాతాల నుంచో వస్తుంది, ఆ ఖాతాల్లో ఏదో ఒకటి సైబర్ కేసులో ఉంటే మీ అబ్బాయి జీతం పడే ఖాతా కూడా ఫ్రీజ్ కావచ్చు. కౌంటర్ దగ్గర ఏడుస్తూ నిలబడిన తల్లిదండ్రులను చూశాను, వాళ్ళకు ఖాతా ఎందుకు ఆగిందో కూడా తెలీదు. ఆవిడకు నేను రెండు మాటలే చెప్పాను, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి తెలుగులోనే ఫోన్ చేయొచ్చు, చినవాల్తేరు ఆసుపత్రికి తీసుకెళ్ళడంలో తప్పేమీ లేదు. రెండోది చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో మా అక్క కనిపించింది.

జవాబు వచ్చాక

కంపెనీ నుంచి మా వాడికి జవాబొచ్చింది. 5 ఏళ్ళకు ఆపామని, మిగిలిన కొద్ది డబ్బు బ్యాంకుకు పంపుతున్నామని ఉంది. శాశ్వతం అన్న మాట ఎక్కడా లేదు, గ్రూపులోని మిగతా సైట్ల పేర్లూ లేవు. వాడు సరేలే అనుకున్నాడు. నేను మళ్ళీ రాయించాను, అడిగిన రెండూ అలాగే ఉన్నాయి, వాటికి విడివిడిగా జవాబు కావాలని. ఈసారి సైట్ల జాబితా పంపారు, గడువు తర్వాత కూడా ఖాతా తెరవబోమని ఖాతా మీద గుర్తు పెట్టామని రాశారు. ఆ మెయిల్‌ను పీడీఎఫ్ చేసి వాడి దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి ఉంచుకున్నాం.

తర్వాత వాడు తిరిగి వెళ్ళాక ఒక శనివారం ఫోన్ చేశాడు. ఆ గ్రూపు సైటు నుంచే మ్యాచ్ ఆఫర్ అంటూ ఎస్సెమ్మెస్ వచ్చిందట. చూస్తే చదువుకునే రోజుల నాటి సిమ్‌కు వచ్చింది, ఆ నంబరు మా కాగితం మీద రాయలేదు, అది ఇంకా రెండో ఫోన్‌లో ఉందని వాడే మరిచిపోయాడు. లింకు నొక్కకుండా స్క్రీన్‌షాట్ తీసి, కంపెనీ ధ్రువీకరణ మెయిల్ జతచేసి, ఈ నంబరు కూడా చేర్చండి, ఈ నంబరుతో ఇంకేదైనా ఖాతా ఉంటే దానికీ ఇదే వర్తించాలి అని రాశాడు. గామ్‌స్టాప్‌లో కూడా ఆ నంబరు చేర్చాడు. రాసేముందు నాకు చదివి వినిపించాడు, "జూదం నా అదుపు తప్పింది" అన్న వాక్యం దగ్గర ఈసారి దాటెయ్యలేదు.